ఇంటి నెట్‌వర్క్‌ను నెమ్మదింపజేసే మాల్‌వేర్ ట్రాఫిక్

ఇంట్లోని ఒక కంప్యూటర్‌లో చేరిన మాల్‌వేర్ ఆగకుండా డేటా బయటికి పంపుతున్నా, సెకనుకు వందల కొద్దీ కొత్త కనెక్షన్లు తెరుస్తున్నా, ఆ ఇంట్లోని మిగతా ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లు కూడా నెమ్మదిస్తాయి. మాల్‌వేర్ వాటిని తాకి ఉండదు. వాటికి, మాల్‌వేర్ సోకిన కంప్యూటర్‌కు మధ్య ఉమ్మడిగా ఉన్నది రూటర్ ఒక్కటే. ఇబ్బంది పుట్టేది అక్కడే. అందువల్ల ఈ సమస్య సాధారణంగా "నెట్ స్లో అయింది" అన్న ఫిర్యాదుగా బయటపడుతుంది. చాలామంది ప్లాన్ పెంచుకుంటారు, రూటర్ మారుస్తారు, కంపెనీకి ఫోన్ చేస్తారు. అసలు కారణం హాల్లో ఒక మూల నడుస్తున్న కంప్యూటర్‌లో అలాగే ఉండిపోతుంది.

మాల్‌వేర్ ఇంటి నెట్‌వర్క్‌ను రెండు వేర్వేరు దారుల్లో దెబ్బతీస్తుంది. మొదటిది, బయటికి వెళ్లే ప్యాకెట్ల క్యూను నింపేయడం. రెండోది, రూటర్‌లోని కనెక్షన్ల పట్టికను నింపేయడం. ఈ రెండింటి లక్షణాలు, కొలిచే తీరు, ఆగడానికి పట్టే సమయం వేరు. ఆ తేడా తెలిస్తే ఏ కంప్యూటర్ కారణమో ఇంట్లోవాళ్లే తేల్చుకోవచ్చు.

## అప్‌లోడ్ క్యూ నిండడం

ఇంటికి వచ్చే కనెక్షన్‌లో డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలు విడివిడిగా ఉంటాయి. ఫైబర్ ప్లాన్లలో ఈ రెండూ తరచుగా సమానంగానే ఇస్తున్నా, రాగి తీగల మీద వచ్చే పాత కనెక్షన్లలోనూ, సిమ్ వేసి వాడే 4జీ రూటర్లలోనూ అప్‌లోడ్ చాలా తక్కువ. మామూలు వాడకంలో ఇది ఎవరికీ తెలియదు. వీడియో చూసినా, వార్తలు చదివినా ఎక్కువ డేటా ఇంటికి వచ్చేదే తప్ప ఇంటి నుంచి వెళ్లేది కాదు. మాల్‌వేర్ పని దీనికి తలకిందులు. స్పామ్ మెయిళ్లు పంపడం, ఎవరో చెప్పిన సర్వర్ మీద దాడిగా ప్యాకెట్లు కుమ్మరించడం, దొంగిలించిన ఫైళ్లను చేరవేయడం, ఇవన్నీ అప్‌లోడ్ మీదే నడుస్తాయి.

అప్‌లోడ్ దారి పట్టగలిగినదానికంటే ఎక్కువ ప్యాకెట్లు వస్తే రూటర్ వాటిని తన మెమరీలో క్యూ కట్టిస్తుంది. మామూలు రూటర్‌లో ఈ క్యూ ఒక్కటే. ముందు వచ్చినది ముందు వెళ్తుంది. టోల్‌గేటు దగ్గర ఒక్క లైనే తెరిచి ఉన్నప్పుడు అంబులెన్స్ కూడా లారీల వెనకే ఆగాల్సి వచ్చినట్టు, వీడియో కాల్‌లోని చిన్న ప్యాకెట్ కూడా మాల్‌వేర్ పంపిన ప్యాకెట్లన్నీ వెళ్లేదాకా ఆగుతుంది.

ఎంతసేపు ఆగుతుందో లెక్క కట్టవచ్చు. అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్, రూటర్ క్యూలో 512 కేబీ పడుతుంది అనుకుందాం. 512 కేబీ అంటే సుమారు 42 లక్షల బిట్లు. సెకనుకు 40 లక్షల బిట్లు వెళ్లే దారిలో అవి ఖాళీ కావడానికి ఒక సెకను పైనే పడుతుంది. అంటే క్యూ నిండి ఉన్నంతసేపూ ఇంట్లోంచి బయలుదేరే ప్రతి ప్యాకెట్‌కూ ఒక సెకను ఆలస్యం తప్పదు. ఫోన్ మాటల్లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ ఇబ్బందిగా మారడం మొదలవుతుంది. ఒక సెకను ఆలస్యంతో ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం జరుగుతుంది.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు పడిపోతుంది అన్నది చాలామందిని తికమక పెట్టే విషయం. వెబ్ పేజీలు, ఎక్కువ వీడియోలు వాడే టీసీపీ పద్ధతిలో, వచ్చిన డేటా అందిందని ఇంటి నుంచి రసీదు వెళ్లాలి. మామూలుగా రెండు ప్యాకెట్లకు ఒక రసీదు చొప్పున వెళ్తుంది. 40 ఎంబీపీఎస్ వేగంతో డేటా వస్తుంటే సెకనుకు 3,300 పైచిలుకు ప్యాకెట్లు వస్తాయి, 1,600కు పైగా రసీదులు పోవాలి. ఈ రసీదులకే అర ఎంబీపీఎస్ పైచిలుకు అప్‌లోడ్ కావాలి. అవి కూడా మాల్‌వేర్ ప్యాకెట్ల వెనకే క్యూలో నిలబడతాయి, క్యూ నిండితే కొన్ని రాలిపోతాయి. రసీదు రానిదే అవతలి సర్వర్ తర్వాతి విడత పంపదు. విడతకు 1 ఎంబీ పంపే సర్వర్, రసీదు 20 మిల్లీసెకన్లలో వస్తే 40 ఎంబీపీఎస్ దారిని సులువుగా నింపగలదు. అదే రసీదు ఒక సెకనుకు గానీ రాకపోతే ఆ కనెక్షన్ 8 ఎంబీపీఎస్ దాటలేదు. డౌన్‌లోడ్ దారి ఖాళీగానే ఉంటుంది, వేగం మాత్రం ఉండదు.

క్యూ అతిగా పెరగడం వల్ల వచ్చే ఈ జబ్బును అమెరికా ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ 2010లో తన ఇంటి కనెక్షన్‌లోనే గమనించాడు. పెద్ద ఫైలు ఒకటి పంపుతుండగా ఆలస్యం ఒక సెకను దాటడం చూసి పరిశోధించి, దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. అక్కడ మాల్‌వేర్ లేదు, మామూలు ఫైలే. మాల్‌వేర్ ఉన్న ఇంట్లో తేడా ఒక్కటే: ఆ ఫైలు ఎప్పటికీ పూర్తి కాదు.

## కనెక్షన్ల పట్టిక నిండడం

ఇంట్లోని పరికరాలన్నీ బయటికి ఒకే ఐపీ చిరునామాతో కనిపిస్తాయి. బయటి నుంచి వచ్చిన జవాబు ఫోన్‌కు ఇవ్వాలో టీవీకి ఇవ్వాలో గుర్తుంచుకోవడానికి రూటర్ ఒక పట్టిక నిర్వహిస్తుంది. ఏ పరికరం, ఏ పోర్ట్ నుంచి, బయట ఏ చిరునామాకు వెళ్లిందో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో నమోదు రాసుకుంటుంది. మెమరీ కొద్దిగా ఉండే రూటర్లలో ఈ పట్టికకు కొన్ని వేల నమోదుల హద్దు ఉంటుంది. కుటుంబమంతా ఒకేసారి వాడినా మామూలుగా కొన్ని వందలకు మించి అవసరం పడవు కాబట్టి ఆ హద్దు ఎవరికీ తగలదు.

ఇతర కంప్యూటర్లను వెతికి సోకే రకం మాల్‌వేర్ అయితే తోచిన ఐపీ చిరునామా ఒకటి తీసుకుని తలుపు తడుతుంది, జవాబు లేకపోతే ఇంకో చిరునామాకు పోతుంది. ఇలా సెకనుకు 150 ప్రయత్నాలు చేస్తే, 4,096 నమోదుల పట్టిక 27 సెకన్లలో నిండుతుంది. జవాబు రాని నమోదులు వెంటనే పోవు. చాలా రూటర్లలో ఉండే లైనక్స్ పద్ధతిలో, మొదలై పూర్తి కాని టీసీపీ కనెక్షన్‌ను 120 సెకన్లదాకా అట్టిపెట్టడం మామూలు అమరిక. పట్టికలో చోటు ఖాళీ అయ్యేలోపే కొత్త ప్రయత్నాలు దాన్ని ఆక్రమిస్తాయి.

పట్టిక నిండాక ఏమవుతుందన్నది రూటర్ సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. కొన్ని, జవాబు రాని పాత నమోదులను తీసేసి చోటు చేసుకుంటాయి. కొన్ని, కొత్త ప్యాకెట్‌ను పడేస్తాయి. లైనక్స్ రూటర్ లాగ్‌లో అప్పుడు కనిపించే వరుస ఇది:

```
nf_conntrack: table full, dropping packet
```

ఈ జబ్బులో గమనించాల్సిన విషయం, మాల్‌వేర్ పంపే డేటా చాలా స్వల్పం. ఒక్కో ప్రయత్నం 60 బైట్లు అనుకున్నా 150 ప్రయత్నాలకు సెకనుకు 9 కేబీ కూడా కాదు. 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్న ఇంట్లో అది లెక్కలోకే రాదు. వేగం కొలిచే సైటు తెరుచుకుంటే పూర్తి వేగమే చూపిస్తుంది. అయినా ఇంట్లో ఏ పేజీ సరిగా తెరుచుకోదు. ప్లాన్ పెంచితే ఒరిగేది ఏమీ ఉండదు, ఎందుకంటే ఇరుకైనది దారి కాదు, పట్టిక.

## స్లామర్: రెండు జబ్బులూ ఒకేసారి

ఒక చిన్న ప్రోగ్రాం నెట్‌వర్క్‌ను ఎంతగా ఊపిరాడకుండా చేయగలదో ప్రపంచానికి తెలిసింది 2003 జనవరి 25న. ఆ రోజు భారత కాలమానం ప్రకారం ఉదయం 11 గంటల ప్రాంతంలో మొదలైన ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే వర్మ్ మొత్తం పరిమాణం 376 బైట్లు. ఒకే ఒక యూడీపీ ప్యాకెట్‌లో అది పూర్తిగా ఇమిడిపోయింది. శీర్షికలు కలిపితే ఆ ప్యాకెట్ 404 బైట్లు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని ఒక లోపం గుండా, 1434 పోర్ట్ మీద అది చొరబడింది.

అంతకుముందు వచ్చిన వర్మ్‌లు టీసీపీ వాడేవి కాబట్టి ప్రతి ప్రయత్నానికీ జవాబు కోసం ఆగాల్సి వచ్చేది. యూడీపీలో ఆ ఆగడం లేదు. పంపి మరిచిపోవడమే. అందుకని స్లామర్ వేగానికి హద్దు ఆ కంప్యూటర్ అప్‌లోడ్ వేగమొక్కటే అయింది. 100 ఎంబీపీఎస్ దారి ఉన్న యంత్రం సెకనుకు దాదాపు 30,000 ప్యాకెట్లు పంపగలిగేది. మొదటి నిమిషంలో సోకిన యంత్రాల సంఖ్య 8.5 సెకన్లకోసారి రెట్టింపైంది. పది నిమిషాల్లో, ఈ లోపం ఉన్న యంత్రాల్లో 90 శాతానికి పైగా సోకింది. మొత్తం మీద కనీసం 75,000 యంత్రాలు దీని బారిన పడ్డాయి. స్లామర్ ఏ ఫైలునూ చెరపలేదు, ఏమీ దొంగిలించలేదు, హార్డ్ డిస్క్ మీద తనను తాను రాసుకోలేదు కూడా. జరిగిన నష్టమంతా ట్రాఫిక్ వల్లనే.

ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ 2002 జూలైలోనే సవరణ విడుదల చేసింది. ఆరు నెలలైనా చాలామంది వేసుకోకపోవడానికి ఒక కారణం, తమ దగ్గర అది ఉందని వాళ్లకు తెలియకపోవడం. ఎస్‌క్యూఎల్ సర్వర్ చిన్న రూపమైన ఎంఎస్‌డీఈ మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాంలతో కలిసి వచ్చి నిశ్శబ్దంగా కూర్చునేది.

అలాంటి డెస్క్‌టాప్ ఒకటి 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఇంట్లోని రూటర్ వెనక ఉందనుకుంటే జరిగేది ఇది. దారి సామర్థ్యం ప్రకారం సెకనుకు సుమారు 618 ప్యాకెట్లు వెళ్తాయి, దాంతో అప్‌లోడ్ పూర్తిగా నిండిపోతుంది. ప్రతి ప్యాకెట్ వేరే చిరునామాకు కాబట్టి రూటర్ ఒక్కోదానికీ ఒక్కో నమోదు రాయాలి. జవాబు రాని యూడీపీ నమోదును 30 సెకన్లు ఉంచే రూటర్‌లో ఏ సమయంలో చూసినా 18,500 నమోదులు ఉండాల్సి వస్తుంది. క్యూ, పట్టిక రెండూ ఒకే ప్రోగ్రాం వల్ల ఒకేసారి నిండుతాయి.

ఈ అనుభవాల తర్వాత 2004 ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో మైక్రోసాఫ్ట్ ఒక అడ్డుకట్ట వేసింది. పూర్తి కాని టీసీపీ కనెక్షన్ ప్రయత్నాలు ఒకేసారి 10కి మించకుండా ఆపి, మిగతావాటిని క్యూలో పెట్టింది. హద్దు తగిలినప్పుడల్లా ఈవెంట్ లాగ్‌లో 4226 సంఖ్యతో ఒక హెచ్చరిక పడేది. వర్మ్‌ను అది తొలగించలేదు గానీ ఇంటి రూటర్ మీద పడే భారాన్ని తగ్గించింది. ఆ హద్దు విండోస్ 7 నాటికి తీసేశారు. నేటి విండోస్‌లో అలాంటి పగ్గం లేదు.

## నేటి రూపం: ఇంటిని అద్దెకిచ్చే మాల్‌వేర్

ఇప్పటి మాల్‌వేర్ రచయితలకు ట్రాఫిక్ ఆదాయ మార్గం. సోకిన ఇంటి కనెక్షన్‌ను ప్రాక్సీగా మార్చి అద్దెకిస్తారు. అద్దెకు తీసుకున్నవాడు చేసే మోసం, నకిలీ ఖాతా, దొంగ లాగిన్ అంతా ఆ ఇంటి ఐపీ చిరునామా నుంచి జరిగినట్టు కనిపిస్తుంది.

911 ఎస్5 అనే ప్రాక్సీ సేవ దీనికి పెద్ద ఉదాహరణ. 2024 మేలో అమెరికా న్యాయశాఖ, ఇతర దేశాల సంస్థలతో కలిసి దాన్ని మూయించింది. అప్పుడు ప్రకటించిన వివరాల ప్రకారం దాని పరిధిలోకి వచ్చిన ఐపీ చిరునామాలు 1.9 కోట్లకు పైనే, దాదాపు 200 దేశాల్లో. ఇంత మంది కంప్యూటర్లలోకి అది చేరింది ఉచిత వీపీఎన్ ప్రోగ్రాంల రూపంలో. `MaskVPN`, `DewVPN`, `PaladinVPN`, `ProxyGate`, `ShieldVPN`, `ShineVPN` అన్నవి ఆ పేర్లు. దొంగ సాఫ్ట్‌వేర్, ఆటల కట్టలతో కలిపి కూడా వీటిని ఎక్కించేవారు. ఇవి ఇన్‌స్టాల్ అయిన జాబితాలో ఇంకా కనిపిస్తే ఆ కంప్యూటర్‌ను సోకినదిగానే పరిగణించాలి.

ప్రాక్సీ ట్రాఫిక్‌కు ఒక ప్రత్యేక గుర్తు ఉంది. అద్దెకు తీసుకున్నవాడి కోసం ఇంటికి వచ్చిన ప్రతి బైటూ మళ్లీ ఇంటి నుంచి బయటికి పోవాలి. కాబట్టి ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్, అప్‌లోడ్ దాదాపు సమానంగా పెరుగుతాయి. మామూలుగా సినిమాలు చూసే, పేజీలు చదివే కంప్యూటర్‌లో అలా ఉండదు. ఇంకో గుర్తు, ఇంట్లో ఎవరు ఏ సైటు తెరిచినా మాటిమాటికీ మనిషేనా అని నిరూపించుకోమనడం. ఆ ఐపీ చిరునామాకు చెడ్డ పేరు వచ్చిందని దాని అర్థం.

నెలసరి డేటా హద్దు మీద కూడా దీని దెబ్బ పడుతుంది. ఒక కంప్యూటర్ రోజంతా 20 ఎంబీపీఎస్ చొప్పున పంపితే రోజుకు 216 జీబీ అవుతుంది. అప్‌లోడ్‌ను కూడా లెక్కలోకి తీసుకునే 3,300 జీబీ ప్లాన్‌లో ఆ కోటా 15 రోజులకు కాస్త అటూఇటూగా అయిపోతుంది. ఆ తర్వాత కంపెనీయే వేగం తగ్గిస్తుంది. నెల మధ్యలోనే కోటా అయిపోయిందన్న సందేశం, ఇంట్లో వాడకం మారకుండానే వస్తే, దాన్ని ఒక లక్షణంగా చూడాలి.

## గుర్తించే పద్ధతి: ఒక ఉదాహరణ

50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్న ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. హాల్లో కేబుల్‌తో కలిపిన డెస్క్‌టాప్, వైఫై మీద ఒక ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు, ఒక టీవీ ఉన్నాయి. సాయంత్రాలు ఫోన్‌లో కొత్త పేజీలు తెరుచుకోవు, టీవీ ఇంటర్నెట్ లేదంటుంది. విచిత్రంగా, ల్యాప్‌టాప్‌లో ముందే మొదలైన వీడియో కాల్ మాత్రం సాగుతూనే ఉంటుంది. రూటర్ ఆపి పెడితే అర నిమిషం అంతా బాగుంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది.

మొదటి పని ఆలస్యాన్ని కొలవడం. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ ఇవ్వాలి. రూటర్ చిరునామా ఇంటిని బట్టి మారవచ్చు.

```
ping 192.168.1.1
ping 8.8.8.8
```

మొదటిది రూటర్‌దాకా పట్టే సమయం చెబుతుంది, రెండోది బయటి దాకా. రూటర్‌కు 2 మిల్లీసెకన్లు, బయటికి 1,000 వస్తే అప్‌లోడ్ క్యూ నిండిందన్నమాట. వైఫై మీద రూటర్‌కే వందల మిల్లీసెకన్లు వస్తే ఇబ్బంది ఇంట్లోని గాలిలోనే ఉంది. ఎవరో వైఫైని విపరీతంగా వాడుతున్నారు, లేదా సిగ్నల్ బాగాలేదు. ఈ ఇంట్లో మాత్రం రెండూ మామూలుగానే వచ్చాయి: 2, 9 మిల్లీసెకన్లు. అంటే క్యూ ఖాళీగా ఉంది. అదే సమయంలో సైటు పేరును చిరునామాగా మార్చమంటే జవాబు కొన్నిసార్లు వస్తోంది, కొన్నిసార్లు ఇలా ఆగిపోతోంది:

```
nslookup www.wikipedia.org
DNS request timed out.
    timeout was 2 seconds.
```

పాత కనెక్షన్ నడుస్తూ కొత్తది దొరకకపోవడం, రూటర్ ఆపి పెట్టగానే కొద్దిసేపు బాగుపడటం, ఈ రెండూ కలిస్తే పట్టిక మీద అనుమానం బలపడుతుంది. వీడియో కాల్‌కు ముందే నమోదు ఉంది కాబట్టి అది సాగింది. కొత్తగా అడిగేవాటికే చోటు దొరకలేదు.

రెండో పని, పరికరాలను ఒక్కొక్కటిగా తీసేయడం. ఇక్కడ చాలామంది తొందరపడి తప్పు నిర్ణయానికి వస్తారు. క్యూ నిండిన సందర్భంలో, కారణమైన కంప్యూటర్‌ను తీసేయగానే ఆలస్యం ఒకటి రెండు సెకన్లలో తగ్గిపోతుంది. పట్టిక నిండిన సందర్భంలో అలా కాదు. పాత నమోదులు 120 సెకన్లదాకా ఉంటాయి కాబట్టి, ఒక్కో పరికరం తీశాక రెండు నిమిషాలకు పైగా ఆగాలి, లేదా రూటర్‌ను ఒకసారి ఆపి పెట్టాలి. పది సెకన్లు చూసి "ఇది కాదు" అనుకుంటే అసలు దోషి తప్పించుకుంటుంది. ఈ ఇంట్లో ఫోన్లు, టీవీ తీసినా మార్పు లేదు. డెస్క్‌టాప్ కేబుల్ పీకి, రూటర్ ఆపి పెట్టాక నెట్ నిలకడగా ఉంది. కేబుల్ మళ్లీ పెట్టిన అర నిమిషానికి ఇబ్బంది తిరిగి వచ్చింది. ఇలా తీసి చూడటం, పెట్టి చూడటం రెండూ చేస్తేనే నిర్ధారణ.

మూడో పని, ఆ డెస్క్‌టాప్ లోపల ఏ ప్రోగ్రాం ఇది చేస్తోందో చూడటం. కేబుల్ పీకి ఉంటే ప్రయత్నాలు వెంటనే విఫలమై ఏమీ కనిపించవు కాబట్టి, కొద్దిసేపు పెట్టే చూడాలి.

```
netstat -ano | find /c "SYN_SENT"
netstat -ano | find "SYN_SENT"
```

`SYN_SENT` అంటే తలుపు తట్టి జవాబు కోసం ఆగిన కనెక్షన్. మొదటి కమాండ్ అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కిస్తుంది. మామూలు కంప్యూటర్‌లో ఇది సున్నా, లేదా వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఇక్కడ 3,100 దాకా వచ్చింది. విండోస్ ఒక ప్రయత్నాన్ని సుమారు 21 సెకన్ల తర్వాత వదిలేస్తుంది. సెకనుకు 150 చొప్పున 21 సెకన్లకు 3,150. లెక్క సరిపోయింది. రెండో కమాండ్ వివరాలు చూపిస్తుంది:

```
TCP  192.168.1.7:51822  203.0.113.45:445  SYN_SENT  4312
TCP  192.168.1.7:51823  198.51.100.9:445  SYN_SENT  4312
```

ప్రతి వరుసలో చిరునామా మారుతోంది, పోర్ట్ మాత్రం ఒకటే, 445. అది విండోస్ ఫైళ్లు పంచుకునే పోర్ట్. ఇంట్లోని కంప్యూటర్‌కు బయట వేల చిరునామాల్లో ఆ పోర్ట్‌తో పని ఉండే అవకాశమే లేదు. చివరి సంఖ్య 4312 ఆ ప్రోగ్రాం గుర్తింపు సంఖ్య. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పుటలో ఆ సంఖ్య వెతికితే `svchost.exe` అన్న పేరు వచ్చింది. ఆ పేరు విండోస్‌దే. కానీ దాని మీద కుడి క్లిక్ చేసి ఫైలు ఉన్న చోటు తెరిస్తే `AppData` లోపలి ఒక ఫోల్డర్ తెరుచుకుంది. అసలు `svchost.exe` ఉండేది `C:\Windows\System32`లో. ఇది పేరు అరువు తెచ్చుకున్న మాల్‌వేర్.

## మాల్‌వేర్ కానివి

ఇవే లక్షణాలు నిర్దోషమైన ప్రోగ్రాంల వల్ల కూడా వస్తాయి. ఊరి నుంచి వచ్చాక ఫోన్ వందల ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కించడం, సీసీ కెమెరా రాత్రింబవళ్లు వీడియో పంపడం అప్‌లోడ్ క్యూను నింపుతాయి. విండోస్ తాను దించుకున్న అప్‌డేట్లను బయటి కంప్యూటర్లకు పంచే అమరిక కూడా ఉంది. డెలివరీ ఆప్టిమైజేషన్ అనే ఆ అమరికను సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. టోరెంట్ ప్రోగ్రాంలు క్యూను, పట్టికను రెండింటినీ నింపగలవు.

తేడా తెలిసేది మూడు విషయాల్లో. మామూలు ప్రోగ్రాం కొద్ది చిరునామాలకే ఎక్కువ డేటా పంపుతుంది, పని అయ్యాక ఆగుతుంది, ఆపమంటే ఆగుతుంది. వెతికే మాల్‌వేర్ వేల చిరునామాలను తడుతుంది, దానికి అంతం ఉండదు, టాస్క్ మేనేజర్‌లో ఆపితే తరచుగా మళ్లీ లేస్తుంది. టోరెంట్ కూడా అనేక చిరునామాలకు వెళ్తుంది గానీ, వాటిలో చాలావాటి నుంచి జవాబు వస్తుంది. మాల్‌వేర్ గుడ్డిగా తట్టేవాటిలో ఎక్కువ భాగం జవాబులేనివే.

## తొలగింపు

ముందుగా ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తప్పించాలి. దాంతో ఇల్లు కోలుకుంటుంది, మాల్‌వేర్‌కు ఆదేశాలు అందవు, ఇంట్లోని ఇతర కంప్యూటర్లకు పాకే దారి కూడా మూసుకుంటుంది. తర్వాత విండోస్ సెక్యూరిటీలోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపడం మంచిది. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా మొదలవకముందే ఈ స్కాన్ జరుగుతుంది కాబట్టి, నడుస్తున్నప్పుడు దాక్కునే మాల్‌వేర్ కూడా దొరికే అవకాశం ఎక్కువ. భారతదేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం, `csk.gov.in`లో బాట్‌లను తొలగించే ఉచిత సాధనాలను అందిస్తోంది. సోకిన కనెక్షన్ల గురించి ఇంటర్నెట్ కంపెనీల ద్వారా వాడకందారులకు హెచ్చరికలు పంపేది కూడా ఇదే.

స్కాన్ తర్వాత కేబుల్ పెట్టి `SYN_SENT` లెక్క మళ్లీ చూడాలి. అది సున్నా దగ్గర నిలవకపోతే, లేదా కొన్ని రోజులకు మళ్లీ పెరిగితే, ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి తీసుకుని విండోస్‌ను కొత్తగా ఎక్కించడమే నమ్మదగిన మార్గం. ప్రోగ్రాం ఫైళ్లను మాత్రం వెనక్కి తెచ్చుకోకూడదు. మాల్‌వేర్ ఉన్నన్ని రోజులూ ఆ కంప్యూటర్‌లో కొట్టిన పాస్‌వర్డ్‌లన్నీ బయటపడ్డట్టే భావించి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే శుభ్రమైన పరికరం నుంచి మార్చాలి. నెట్ నెమ్మదించడం కంటికి కనిపించిన నష్టం. పాస్‌వర్డ్‌లు పోవడం కనిపించని నష్టం.

రూటర్‌లో ఎస్‌క్యూఎం అనే సౌకర్యం ఉంటే, అప్‌లోడ్‌ను దారి అసలు వేగంలో 90 శాతం దగ్గర నిలిపి, ఒక్కో ప్రవాహానికి విడి క్యూ కేటాయించవచ్చు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వ్యాన్ జాకబ్సన్ రూపొందించిన కోడెల్ పద్ధతి దీనికి మూలం. ఒక కంప్యూటర్ ఎంత పంపినా మిగతావారి కాల్ ఆగకుండా ఇది కాపాడుతుంది. అయితే మాల్‌వేర్ వేల కనెక్షన్లు తెరిస్తే ఆ ప్రవాహాలన్నిటికీ విడి వాటా దక్కుతుంది కాబట్టి, పంపకం ప్రవాహాల వారీగా కాక పరికరాల వారీగా ఉండేలా అమర్చుకోవాలి. పట్టిక నిండే జబ్బుకు ఈ ఏర్పాటు పనిచేయదు.

## పరిమితులు

పైన చెప్పిన కమాండ్లు కంప్యూటర్ తన గురించి తాను చెప్పేది మాత్రమే చూపిస్తాయి. విండోస్ లోతుల్లోకి చొరబడిన మాల్‌వేర్ తన కనెక్షన్లను `netstat` జాబితా నుంచే దాచగలదు. అందుకని రూటర్ పేజీలో పరికరాల వారీగా కనిపించే డేటా లెక్కకు, కంప్యూటర్ చెప్పే లెక్కకు పొంతన కుదరకపోతే రూటర్‌నే నమ్మాలి. కేబుల్ తీసి చూసే పరీక్షను ఏ మాల్‌వేర్ కూడా మోసం చేయలేదు.

అన్ని పరికరాలూ తీసేసినా ఇబ్బంది పోకపోతే కారణం రూటర్‌లోనే ఉండవచ్చు, లేదా కంపెనీ లైన్‌లో ఉండవచ్చు. 2016లో బయటపడ్డ మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రూటర్లలోకే చేరింది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితో డైన్ అనే సంస్థ సర్వర్ల మీద జరిగిన దాడికి అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు గంటల కొద్దీ అందుబాటులో లేకుండా పోయాయి. మిరాయ్ మెమరీలో మాత్రమే ఉంటుంది కాబట్టి పరికరాన్ని ఆపి పెడితే పోతుంది. పాత పాస్‌వర్డే ఉంటే మళ్లీ సోకడానికి ఎంతోసేపు పట్టదు. ఆపి పెట్టిన వెంటనే పాస్‌వర్డ్ మార్చి, రూటర్ సాఫ్ట్‌వేర్‌ను తాజా చేసి, బయటి నుంచి రూటర్‌ను నడిపే సౌకర్యాన్ని మూసేయాలి.